వర్క్‌షీట్‌లో చిన్న బాక్సు, పెద్ద జవాబు: ఎలా పట్టించాలి?

ప్రశ్న: మాది అనంతపురం. పాప ఏడో తరగతి. సోషల్ వర్క్‌షీట్‌లో "అనంతపురం జిల్లాలో వర్షం ఎందుకు తక్కువ?" అని అడిగి, వేలెడంత బాక్సు ఇచ్చినారు. జవాబు తెలిసినా అందులో పట్టడం లేదు. ఏం చేయాలి?

జవాబు:

అక్కా, ముందు స్కేలు పెట్టి బాక్సు కొలవండి. 7 సెం.మీ. పొడవు, 1 సెం.మీ. ఎత్తు ఉందనుకుందాం. పిల్లల చేతిరాతలో ఒక్కో అక్షరానికి సుమారు అర సెంటీమీటరు పోతుంది. అంటే మాటల మధ్య ఖాళీలతో కలిపి 14 అక్షరాల చోటు. రెండు వరుసలు రాయాలని చూడొద్దు. పై వరుస వత్తులు కింది వరుస గుడుల్లోకి దిగి, దిద్దేవాళ్లకు ఏదీ కనపడదు.

పాప మనసులో ఉన్న జవాబు బహుశా ఇది: "పడమటి కనుమలు నైరుతి రుతుపవనాలను అడ్డుకోవడం వల్ల అనంతపురం జిల్లాలో వర్షం తక్కువగా కురుస్తుంది." ఇందులో "అనంతపురం" నుంచి చివరిదాకా ప్రశ్నలో ఉన్నదే, కొట్టేయొచ్చు. మిగిలినదాంట్లో 25 అక్షరాలున్నాయి, ఇంకా పట్టదు. ఇక్కడే పిల్లలు తీయకూడని మాట తీసేస్తారు. "కొండల అడ్డు" అని రాస్తే దేనికి అడ్డు, ఏ కొండలు అన్నది తేలదు, మార్కు పోతుంది. "నైరుతి గాలికి కనుమల అడ్డు" అని రాయించండి. 12 అక్షరాలే. గాలి నైరుతి నుంచి వస్తుందని చెప్పినాక ఆ కనుమలు పడమటివేనని తెలిసిపోతుంది, "పడమటి" విడిగా రాయక్కర్లేదు. "నైరుతి" మాత్రం తీయకూడదు.

కొండల వెనక వాన తక్కువ పడే చోటుకు పాఠంలో "వర్షచ్ఛాయ" అనే మాట వచ్చి ఉంటే ఇంకా తేలిక: "వర్షచ్ఛాయ వల్ల". ఆరు అక్షరాల్లో అయిపోతుంది. ఇది ఒట్టి పేరు, "ఎందుకు" అని అడిగినారు కాబట్టి దీని చివర "వల్ల" ఉండాల్సిందే. అది లేకపోతే కారణం చెప్పినట్టు కాదు, పేరు చెప్పినట్టు అవుతుంది. చ కింద ఛ వత్తు సరిగా పడిందో లేదో చూడండి, చాలామంది అక్కడ చ వత్తే రాస్తారు. ఈ మాటలో వత్తులు ఎక్కువ కాబట్టి అక్షరాలను బాక్సు మధ్యలో కాకుండా కొంచెం పైకి రాయాలి, అడుగున 3 మి.మీ. వదలాలి. లేకుంటే వత్తులు గీత మీద పడి కలిసిపోతాయి.

అదే కొలతతో రఫ్ కాగితం మీద బాక్సు గీసి, ముందు పెన్సిల్‌తో రాయించి చూడండి. అసలు దానిలో సన్న మొన బాల్‌పెన్ వాడండి. జిరాక్స్ కాగితం మీద జెల్ పెన్ సిరా పాకి, సున్నాలు, గుడులు పూడిపోతాయి.

చోటు చాలలేదని "వ.ఛా." లాంటి పొట్టి గుర్తులు సొంతంగా పుట్టించొద్దు. అందరికీ తెలిసిన సెం.మీ., మి.మీ., కి.మీ. రాయొచ్చు. వర్షపాతం ఎంత అని అడిగితే "సుమారు 550 మి.మీ." అని రాయాలి. చోటు లేకుంటే "సుమారు" తీసేయొచ్చేమో గానీ, "మి.మీ." తీస్తే ఆ అంకెకు అర్థమే ఉండదు.