12 కిలోమీటర్ల ఫైబర్ లింక్‌లో 11 డీబీ లాస్: కేబుల్ మార్చాలా?

“1310 నానోమీటర్ల సింగిల్ మోడ్, 12 కి.మీ., 4 స్ప్లైస్‌లు, రెండు చివర్లా ప్యాచ్ ప్యానెల్. అటు -3 డీబీఎమ్ పంపితే ఇటు -14 వస్తోంది. కేబుల్ మార్చాలా అన్నా?”

అప్పుడే వద్దు తమ్ముడూ, ముందు లెక్క చూడు. కిలోమీటరుకు 0.35, స్ప్లైస్‌కు 0.1, ప్యానెల్‌లో కలిసే కనెక్టర్ జతకు 0.5 డీబీ చొప్పున కాస్త ఉదారంగానే వేసుకుందాం.

```
12×0.35 + 4×0.1 + 2×0.5 = 5.6 dB
```

నీకు పోతున్నది 11, అంటే 5.4 డీబీ ఎక్కువ. అంత తేడా ఒక్క స్ప్లైస్‌లో రావడం అరుదు. ఫైబర్ ఎక్కడైనా బాగా వంగి ఉండొచ్చు గానీ నా అనుమానం ముందు కనెక్టర్ మొహం మీదే.

రెండు వైపులా లేజర్ ఆపి, పవర్ మీటర్‌తో లైటు లేదని తేల్చుకున్నాకే స్కోప్ పెట్టు. నడిమధ్య కోర్ 9 మైక్రాన్లే కాబట్టి దాని మీద చిన్న దుమ్ము రేణువు కూర్చున్నా చాలు. పొడి క్లీనర్‌తో ఒకసారి తుడిచి మళ్లీ చూడు, జిడ్డు మరక పోకపోతే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడి చేసిన లింట్-ఫ్రీ వైప్ మీద ఒకే దిశలో లాగి, వెంటనే పొడి భాగం మీద లాగు. ప్యానెల్ లోపలి కనెక్టర్‌ను వదిలేస్తే ఆ మురికి మళ్లీ ఇటే అంటుకుంటుంది. గీత కోర్ మీదుగా పోతే తుడిచి లాభం లేదు, ఆ ప్యాచ్ కార్డ్ మార్చెయ్.

అన్నట్టు, ఆకుపచ్చ ఏపీసీ కనెక్టర్‌ను నీలం యూపీసీలో ఎవరైనా గుచ్చారేమో కూడా చూడు, ఆ ఒక్కదానికే ఇన్ని డీబీలు పోతాయి. ఇవన్నీ సరిగ్గా ఉండీ 11 తగ్గకపోతే అప్పుడు లాస్ ఎక్కడుందో చూపే ఓటీడీఆర్ తెప్పించు.