గ్రిడ్ నిండా టిక్కులే ఉంటే డైరెక్టర్ గారికి కొత్తగా తెలిసేదేముంది?

ప్రశ్న: మేడమ్, నేను విజయవాడలో ఎంబీఏ మార్కెటింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. అవనిగడ్డలో ఒక డీఎస్సీ కోచింగ్ సెంటర్‌లో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. ఆన్‌లైన్ యాప్‌లు వచ్చాక అడ్మిషన్లు పడిపోయాయని, పోటీదారులతో కంపారిజన్ గ్రిడ్ చేయమని డైరెక్టర్ గారు చెప్పారు. ఆరు సంస్థలు, పద్నాలుగు అంశాలతో ఎక్సెల్ షీట్ చేసి చూపిస్తే, "ఇందులో నాకు తెలియనిది ఏముందమ్మా?" అన్నారు. ఎక్కడ తప్పు చేశాను? దీన్ని ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూల్లో చూపించుకోవచ్చా?

జవాబు: మీ షీట్‌లో మీ సెంటర్‌కి ఎన్ని టిక్కులు పడ్డాయో ఒకసారి లెక్కపెట్టండి. పద్నాలుగుకి పన్నెండో పదమూడో ఉంటే, ఆ అంశాలన్నీ మీ సెంటర్ కరపత్రంలోంచే వచ్చి ఉంటాయి. అనుభవం ఉన్న ఫ్యాకల్టీ, స్టడీ మెటీరియల్, డౌట్ సెషన్లు, ఇవి ఏ యాప్ అయినా మాకూ ఉన్నాయనే అంటుంది. అందరికీ టిక్కు పడే అంశం గ్రిడ్‌లో ఉండి లాభం లేదు.

అంశాలు దొరికే చోటు మీ రిసెప్షన్ టేబుల్ మీదే ఉంది. ఎంక్వైరీ రిజిస్టర్ తీసుకుని, వచ్చి అడిగి చేరకుండా వెళ్లిన వాళ్లలో ఓ ఇరవై మందికి ఫోన్ చేయండి. "ఎందుకు చేరలేదు?" అని అడిగితే మొహమాటానికి "ఇంట్లో కుదరలేదండీ" అనేస్తారు. "ఇప్పుడు ఎలా చదువుతున్నారు?" అని అడగండి. ఒకరు యాప్ కొన్నానంటారు, ఒకరు యూట్యూబ్‌లో ఉచిత క్లాసులు చూస్తూ రీడింగ్ రూమ్‌కి వెళ్తున్నానంటారు, ఇంకొకరు ఈసారికి మానేశానంటారు. ఈ చివరి ఇద్దరూ మీ ఆరు సంస్థల జాబితాలో ఎక్కడా లేరు. నా అంచనాలో మీ సెంటర్‌కి అసలు పోటీ ఆ యూట్యూబ్, రీడింగ్ రూమ్ దగ్గరే ఉంది.

గ్రిడ్ మొదలుపెట్టే ముందు ఇంకో సంగతి తేల్చుకోవాలి. అడ్మిషన్లు యాప్‌ల వల్లే తగ్గాయా? డీఎస్సీ ఏటా జరిగే పరీక్ష కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ పెద్ద ఎత్తున పరీక్ష జరిగింది 2025లోనే, 16,347 పోస్టులకి. అంత పెద్ద భర్తీ ముగిశాక ఏ సెంటర్‌లోనైనా బెంచీలు ఖాళీ అవుతాయి. అందుకే ఈ నెలని కిందటి ఏడాది ఇదే నెలతో పోల్చకండి. నోటిఫికేషన్‌కి ఎన్ని నెలల దూరంలో ఉన్నామన్నది చూసి, పాత డీఎస్సీకి అదే దశలో ఎందరు చేరారో తీయండి. అప్పటికంటే ఇప్పుడు ఎంత తగ్గారో అంతవరకే యాప్‌ల ఖాతాలో వేయాలి.

ఇప్పుడు ఒక్క అంశం పూర్తిగా చేసి చూపిస్తాను. ఫీజు గడిలో మీరు బహుశా సెంటర్‌కి 15,000, యాప్‌కి 3,000 అని రాసి ఉంటారు. ఈ అంకెలు ఉదాహరణకి వేసుకున్నవే, మీ దగ్గర అసలువి పెట్టుకోండి. డైరెక్టర్ గారి కళ్లకి కనిపించే తేడా 12,000. అభ్యర్థి జేబు నుంచి చూస్తే లెక్క వేరు. నాలుగు నెలల బ్యాచ్‌కి ఇలా ఉంటుంది:

| ఖర్చు | మీ సెంటర్ | యాప్, ఊళ్లో రీడింగ్ రూమ్ |
|---|---|---|
| ఫీజు | 15,000 | 3,000 |
| జీఎస్టీ 18% | 2,700 | ధరలోనే కలిపారు |
| హాస్టల్, భోజనం (నెలకి 6,000) | 24,000 | లేదు |
| రీడింగ్ రూమ్ (నెలకి 800) | లేదు | 3,200 |
| మొత్తం | 41,700 | 6,200 |

తేడా 35,500. ఫీజులో రెండు వేలు తగ్గించి ఫ్లెక్సీ వేస్తే ఈ తేడా పెద్దగా కదలదని డైరెక్టర్ గారికి అప్పుడు అర్థమవుతుంది. ఇక్కడ బరువంతా హాస్టల్‌దే. మొదటి రెండున్నర నెలల సిలబస్ ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో చెప్పి, చివరి నెలన్నర మాత్రం అవనిగడ్డలో కూర్చోబెడితే హాస్టల్ ఖర్చు 9,000కి దిగుతుంది. ఫీజు పైసా తగ్గకుండానే మొత్తం 26,700 అవుతుంది. చిన్న పిల్లలున్న తల్లులు డీఎస్సీకి చాలామందే రాస్తారు కదా. నాలుగు నెలలు ఇల్లు వదిలి రాలేనివాళ్లు నెలన్నరకి అత్తగారినో అమ్మనో ఒప్పించుకోగలరేమో ఆ ఇరవై ఫోన్లలోనే అడిగి చూడండి. ఇంటి దగ్గర చదువు సాగకే అవనిగడ్డ వచ్చేవాళ్లూ ఉంటారు. వాళ్లకి ఈ బ్యాచ్ పనికిరాదు కాబట్టి పాత బ్యాచ్ ఎత్తేయమని మాత్రం సలహా ఇవ్వకండి.

రెండో అంశం టెస్టులు. "టెస్ట్ సిరీస్ ఉంది" అని టిక్కు పెడితే ఏమీ తెలియదు. మీరే అభ్యర్థిలా డబ్బు కట్టి ఒక టెస్ట్ రాయండి. ఎస్జీటీ పరీక్ష కంప్యూటర్ మీద ఉంటుంది, రెండున్నర గంటల్లో 160 ప్రశ్నలు. మీ సెంటర్‌లో ఆదివారం టెస్ట్ ఇంకా ఓఎంఆర్ షీట్ మీదే పెడుతుంటే, ఆ గడిలో యాప్ గెలిచినట్టే. ఉన్నదున్నట్టు రాయండి. ఇంకోటి, డీఎస్సీ పోస్టులు చాలావరకు జిల్లాల వారీగా భర్తీ అవుతాయి. కాబట్టి అభ్యర్థికి కావలసింది రాష్ట్ర ర్యాంకు కంటే "మా జిల్లాలో నా కేటగిరీలో నేనెక్కడున్నాను" అన్నది. వేలమంది రాసే యాప్ అది చూపిస్తోందా? మూడొందల మంది రాసే మీ సెంటర్ చూపించగలదా? చూపించలేకపోతే మరో రెండు మూడు సెంటర్లతో కలిసి ఉమ్మడి టెస్ట్ పెట్టుకోవచ్చు.

మీ సెంటర్ నెగ్గే గడి ఎక్కడైనా ఉందంటే అది డౌట్ల దగ్గరే. దాన్ని కూడా కొలిచే రాయండి. మ్యాథ్స్ మెథడాలజీలో ఒకే సందేహాన్ని ఒకే రాత్రి మూడు యాప్‌లకీ, మీ సెంటర్ వాట్సాప్ గ్రూపుకీ పంపండి. ఎన్ని గంటలకి జవాబొచ్చింది, మనిషి రాసిందా, పాత వీడియో లింకా అన్నది తేదీతో సహా గడిలో పెట్టండి. పాఠాలు కూడా ఒకట్రెండు తెరిచి, చెప్పేది ఇప్పటి పాఠ్యపుస్తకం పట్టుకునా, పాతదా అని పేజీలు పక్కపక్కన పెట్టి చూడండి. వీడియో ఒకసారి తీశాక మళ్లీ తీయడానికి బద్ధకిస్తారు. ఆ తప్పు మీ సెంటర్ మెటీరియల్‌లోనూ ఉండొచ్చు.

ఫలితాల అంశాన్ని రెండు గడులు చేయండి: చెప్పుకున్నది, తేలింది. ఒకే ర్యాంకర్ ఫోటో మూడు సంస్థల ప్రకటనల్లో కనిపిస్తే, వాటిలో రెండు చోట్ల ఆయన రాసింది ఉచిత టెస్ట్ మాత్రమే కావచ్చు. ఆ అభ్యర్థి ఏ కోర్సు తీసుకున్నారో, దానికి డబ్బు కట్టారో లేదో ప్రకటనలో చెప్పాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో కోచింగ్ సెంటర్లకి మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ నియమం మీ సెంటర్ ఫ్లెక్సీకీ వర్తిస్తుంది. ఆ మాట డైరెక్టర్ గారికి నెమ్మదిగా చెప్పండి.

పద్నాలుగు అంశాల్లో ఐదు మిగిలితే చాలు. కింద ఒక వాక్యం: మొదట మార్చాల్సింది ఏమిటి, దానికి ఎంత ఖర్చు.

ఇంటర్వ్యూలో తప్పకుండా చూపించుకోండి, డైరెక్టర్ గారి అనుమతి తీసుకున్నాకే. పోటీ సంస్థల ఫీజులు బయట ఎవరికైనా దొరికేవే, ఉంచొచ్చు. సెంటర్ పేరు, అడ్మిషన్ల సంఖ్య, ఫోన్‌లో మాట్లాడిన వాళ్ల పేర్లు తీసేయండి. మొదటి షీట్ కూడా పారేయకండి, రెండూ పక్కపక్కన పెట్టి తీసుకెళ్లండి. "ఈ పద్నాలుగు ఐదెలా అయ్యాయి?" అని ప్యానెల్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ఇరవై ఫోన్ల కథ అక్కడ చెప్పండి.