ప్లాట్ నంబరు వేరు, డోర్ నంబరు వేరు

"గేటు మీద ప్లాట్ 61 అని ఉంది, కరెంటు బిల్లులో 8-3-228/14 అని ఉంది. ఏది మా ఇంటి నంబరు?"

రెండూ మీవేనండి, ఇచ్చినవాళ్లే వేరు. మన హైదరాబాద్‌లో చాలా కాలనీలు ఉద్యోగుల హౌసింగ్ సొసైటీలు గానీ, హౌసింగ్ బోర్డు గానీ లేఅవుట్ వేసినవి. కాలనీ పేరు, ప్లాట్ నంబరు అక్కడ పుట్టాయి. డోర్ నంబరు మున్సిపాలిటీది: 8 వార్డు, 3 బ్లాకు, 228 ఇల్లు. ఒకే నంబరున్న పెద్ద స్థలం ముక్కలైతే గీత పెట్టి 14 లాంటి ఉపసంఖ్యలు ఇస్తారు. కాబట్టి వీధిలో వరస కనిపించకపోవచ్చు.

డెలివరీవాళ్లకు కాలనీ పేరు, రోడ్డు, ప్లాట్ చెప్పండి. రిజిస్ట్రేషన్ కాగితాల్లో రెండు నంబర్లూ రాయించండి.

బెంగళూరు బంధువులకు ఒక్క మాట చెప్పాలి: అక్కడ ‘4వ క్రాస్’ అంటే మెయిన్ రోడ్డుకు అడ్డంగా పోయే వీధి, మన ఆర్టీసీ క్రాస్ రోడ్స్ మాత్రం కూడలి.