చెల్లింపు ఆగిన విక్రేతకు ఎలా రాయాలి?

“మా ఆన్‌లైన్ అమ్మకాల సైట్‌లో చేరిన, బేగంబజార్‌లో స్టీలు సామాన్లు అమ్మే విక్రేతకు ‘వెరిఫికేషన్ పూర్తికానందున చెల్లింపు ఆగింది, పత్రాలు పంపగలరు’ అని రాస్తే ఆధార్ పంపారు. బ్యాంకు ఖాతా దుకాణం పేరిట, పాన్ ఆయన పేరిట ఉన్నాయి. సందేశం ఎలా మార్చాలి?”

ఏది సరిపోలలేదో చెప్పనప్పుడు విక్రేత చేతికందిన పత్రమే పంపుతారండి. ఒకే యజమాని నడిపే వ్యాపారంలో పాన్ యజమాని పేరిటే ఉంటుంది కాబట్టి ఈ తేడా ఆయన తప్పు కాదు. ఆధార్‌లో దుకాణం పేరుండదు గనుక అది ఇక్కడ పనికిరాదు. యజమాని పేరునూ వ్యాపార పేరునూ కలిపి చూపేది జీఎస్టీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. అందువల్ల ఇలా రాయండి:

“నమస్కారం. మీ బ్యాంకు ఖాతాలోని పేరు, పాన్‌లోని పేరు వేర్వేరుగా ఉన్నందున చెల్లింపును తాత్కాలికంగా ఆపాము. రెండు పేర్లూ కనిపించే జీఎస్టీ సర్టిఫికెట్‌ను, ఖాతాదారు పేరు అచ్చయిన క్యాన్సిల్డ్ చెక్కును మీ సెల్లర్ ఖాతాలోనే అప్‌లోడ్ చేయగలరు. ఓటీపీ, పిన్ ఎవరికీ చెప్పవద్దు.”

చెక్కుపై పేరు అచ్చులో లేకపోతే, పేరు, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కనిపించే బ్యాంకు స్టేట్‌మెంట్ మీ సంస్థ అంగీకరిస్తుందేమో ముందే తెలుసుకొని ఆ వాక్యమూ చేర్చండి. పరిశీలన బృందం ఖరారు చేయనిదే డబ్బు జమయ్యే తేదీ మాత్రం రాయకండి.