స్వాప్ వడ్డీ లెక్క రెండింతలు ఎందుకు కనిపిస్తోంది?

"గాజువాకలో మాది చిన్న రొయ్యల ఎగుమతి కంపెనీ. 10 కోట్ల లోన్, ఫ్లోటింగ్ ప్లస్ 2 శాతం. 6.5 శాతం ఫిక్స్‌డ్ స్వాప్ తీసుకున్నాం. రెండూ కలిపితే 15 దాటుతోంది, టెన్షన్‌గా ఉంది."

మీ స్వాప్ అంటే బ్యాంకుకి మీరు ఫిక్స్‌డ్ వడ్డీ ఇచ్చి, బదులుగా ఫ్లోటింగ్ వడ్డీ తీసుకునే ఒప్పందం. మీరు కట్టేది మాత్రమే కూడారు, స్వాప్‌లో మీకు వచ్చేది వదిలేశారు. చాలామంది ఇక్కడే తప్పుతారు.

ఫ్లోటింగ్ రేటు 7 అనుకోండి. ఏడాదికి:

1. లోన్ వడ్డీ 9 శాతం: 90 లక్షలు.
2. స్వాప్‌లో మీరిచ్చేది 65 లక్షలు, మీకొచ్చేది 70 లక్షలు. చేతులు మారేది తేడా 5 లక్షలే. అసలు 10 కోట్లు కదలవు.
3. నికర ఖర్చు 85 లక్షలు, అంటే 8.5 శాతం.

రేటు 6కి దిగితే లోన్‌కి 80, స్వాప్‌లో ఈసారి మీరే ఎదురు 5 కట్టాలి. మళ్లీ 85 లక్షలే. అప్పుడు ఆ 5 లక్షలు నష్టంలా అనిపిస్తుంది, కానీ లోన్‌లో 10 తగ్గింది కదా!

ఆ 2 శాతం మార్జిన్ మాత్రం స్వాప్‌తో పోదు.

ఒకటి చూసుకోండి: లోన్ రెపో రేటుకీ, స్వాప్ బ్యాంకుల మధ్య ఒక్కరోజు అప్పుల రేటైన మైబోర్‌కీ ముడిపడి ఉంటే 85 కచ్చితంగా రాదు, కాస్త అటూ ఇటూ అవుతుంది. రెండు కాగితాల్లోనూ రేటు పేరు, రేటు మారే తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి.