స్టాండ్‌లో మారిపోయిన బండి, పేపర్లో పోయిన మార్కులు

ప్రశ్న: క్రిమినల్ లా ప్రాబ్లమ్‌లో ముద్దాయి చేసిన పనంతా రుజువైందని పాయింట్లవారీగా రాశాను, సెక్షన్ కూడా కరెక్టే. అయినా జవాబు తప్పని కొట్టేశారు, పదికి మూడే వేశారు. ఎందుకిలా?

మీరు యాక్టస్ రియస్, అంటే ముద్దాయి చేసిన పని దగ్గరే ఆగిపోయి ఉంటారు. పేపర్ చూడకుండానే చెప్తున్నాను, ఎందుకంటే నెల్లూరులో నా ఆఫీసుకి ఆదివారాలు చదువుకోవడానికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది పేపర్లు ఇలాగే ఉంటాయి. మూడు మార్కులు వేసినాయన అన్యాయమేమీ చేయలేదు.

కావలి నుంచి ఒకమ్మాయి వస్తుంది, జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి చదువుతోంది. కష్టపడే పిల్ల. నేనిచ్చిన ప్రాబ్లమ్ ఇది. రాజు అనే అతను పొద్దున బస్టాండ్ పక్కన స్టాండ్‌లో తన నల్ల బండి పెట్టి ఒంగోలు వెళ్లాడు. రాత్రి తిరిగొచ్చేసరికి కరెంటు లేదు. తన బండి ఉన్న వరుసలోనే గోపాల్ అనే ఆయన బండి ఉంది, అదే మోడల్, అదే రంగు. రాజు తాళం దానికి పట్టింది. అరిగిపోయిన పాత బండ్ల తాళాలు ఒకదానివి ఇంకోదానికి పట్టడం మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. ఆ బండెక్కి ఇంటికెళ్లి, వాకిట్లోనే పెట్టి పడుకున్నాడు. పొద్దున్నే పోలీసులొచ్చారు. రాజు దొంగతనం చేశాడా?

ఆ అమ్మాయి రెండు పేజీలు రాసింది. బండి చరాస్తి. అది రాజు స్వాధీనంలో లేదు. స్టాండ్‌లో ఉన్న బండి గోపాల్ స్వాధీనమా, టోకెన్ ఇచ్చినవాడి స్వాధీనమా అని దాని మీదే అర పేజీ రాసింది, అది నిజంగా బాగుంది. ఎవరి సమ్మతీ తీసుకోలేదు. బండిని కదిలించాడు. నాలుగూ కరెక్టే. చివర్లో "కాబట్టి రాజు భారతీయ న్యాయ సంహిత 303 ప్రకారం శిక్షార్హుడు" అని ముగించి కింద గీత గీసింది.

మార్కులు చూసి, "అన్నీ రుజువయ్యాయి కదా సార్, ఇంకేం కావాలి?" అంది. సెక్షన్ తెరిచి మొదటి లైను పైకి చదవమన్నాను. చదివింది. "డిస్‌ఆనెస్ట్‌లీ" దగ్గర ఆగమన్నాను. "ఈ మాట గురించి నువ్వెక్కడ రాశావమ్మా?" అంటే పేపర్ వెనక్కీ ముందుకీ తిప్పింది. ఒక్క చోట ఉంది: "సమ్మతి లేకుండా తీసుకున్నాడు కనుక డిస్‌ఆనెస్ట్‌గా తీసుకున్నట్టే."

ఆ ఒక్క వాక్యమే కొంప ముంచేది. పని జరిగింది కనుక మనసులో దురుద్దేశం ఉన్నట్టే అని రాస్తే, ఇక చట్టంలో ఆ మాట ఎందుకు పెట్టినట్టు? డిస్‌ఆనెస్ట్‌లీ అంటే ఏమిటో ఆ సంహితలోనే నిర్వచనం ఉంది: తనకో ఇంకొకరికో అక్రమ లాభం కలిగించాలనో, ఎదుటివాడికి అక్రమ నష్టం కలిగించాలనో ఉద్దేశంతో చేయడం. తన బండే అనుకుని తాళం తిప్పినవాడికి ఆ నిమిషంలో ఎవరి నష్టం మీదా ధ్యాస లేదు. ఇది నా సొంత తెలివి కాదు. దొంగతనం సెక్షన్ కింద పాత ఐపీసీ కాలం నుంచీ ఒక ఉదాహరణ ఉంది: ఎదుటివాడి వస్తువును తనదేనని సద్భావంతో నమ్మి తీసుకుంటే దొంగతనం కాదని. సెక్షన్ కంఠతా పట్టేవాళ్లు కింద చిన్న అక్షరాల్లో ఉన్న ఆ ఉదాహరణల జోలికే పోరు.

అయితే "రాజు పొరపాటు పడ్డానన్నాడు కనుక నిర్దోషి" అని రాసినా నేను మార్కులు వేయను. ముద్దాయిలందరూ అదే అంటారు. మనసులో ఏముందో ఎవరికీ కనబడదు, చుట్టూ ఉన్న సంగతుల నుంచి రాబట్టాలి. ప్రాబ్లమ్ రాసినవాడు ఆ సంగతుల్ని కావాలనే పెడతాడు. రాజు సొంత బండి అదే వరుసలో మిగిలిపోయింది, ఇది అన్నిటికన్నా గట్టి సంగతి, దొంగతనానికి వచ్చినవాడు తన బండి అక్కడ వదిలి అలాంటిదే ఇంకోటి తీసుకుపోడు. చీకటి. ఒకే మోడల్. పట్టింది తన తాళమే. ఇంటి వాకిట్లో అందరికీ కనబడేట్టు పెట్టాడు. ఈ ఐదూ ఒక పేరాలో రాసి, వీటిని బట్టి దురుద్దేశం రుజువు కాలేదు అంటే జవాబు నిలబడుతుంది. ఇప్పుడు ఒకటి రెండు సంగతులు మార్చి చూడండి. రాజు అసలు బండే తేలేదు, జేబులోంచి తాళాల గుత్తి తీసి ఒక్కోటీ పెట్టి చూశాడు, ఆ రాత్రే నెంబర్ ప్లేటు విప్పేశాడు. చేసిన పని అదే, కదిలించిన బండి అదే. జవాబు మాత్రం పూర్తిగా తిరగబడుతుంది.

బాగా చదివిన పిల్లలు కూడా ఇక్కడ ఇంకో గుంటలో పడతారు. దురుద్దేశం లేదని తెలుస్తుంది, వెంటనే జనరల్ ఎక్సెప్షన్స్‌కి పరిగెత్తి సెక్షన్ 17, మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్ అని రాసి, దాన్ని రుజువు చేయాల్సిన భారం రాజు మీదే అంటారు. ఎక్సెప్షన్ కోరుకుంటే భారం ముద్దాయి మీద ఉంటుంది, నిజమే. కానీ ఇక్కడ అంత దూరం పోనక్కర్లేదు. డిస్‌ఆనెస్ట్ ఉద్దేశం దొంగతనం అనే నేరంలోనే ఒక భాగం. దాన్ని సందేహానికి తావు లేకుండా రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషన్. అది లేకపోతే నేరమే పుట్టలేదు, పుట్టని నేరానికి మినహాయింపు దేనికి? ఈ తేడా రాసిన పేపర్‌కి నేను ఒక మార్కు ఎక్కువే వేస్తాను.

దీనికి కోచింగ్ నోట్సులు చాలావరకు కారణమని నా గట్టి నమ్మకం. ఒక సెంటర్ నోట్సు చూశాను, పేరెందుకులెండి, దొంగతనానికి ఐదు ఇంగ్రీడియెంట్లు అని పట్టీ వేసి దురుద్దేశాన్ని అన్నిటికన్నా కింద పెట్టారు, దాని ఎదురుగా ఒక్క ఉదాహరణ లేదు. సెక్షన్‌లో మొదట వచ్చే మాట అది! పైగా 2024 జూలై 1న కొత్త సంహిత వచ్చినప్పటి నుంచి పిల్లల టైమంతా 378 కాస్తా 303 అయింది, 403 కాస్తా 314 అయింది అని నెంబర్లు మార్చి బట్టీ పట్టడానికే పోతోంది. ప్రాబ్లమ్ క్వశ్చన్‌లో నెంబర్ తప్పు రాస్తే ఒక మార్కు పోతుందేమో, మనసు సంగతి వదిలేస్తే జవాబే పోతుంది.

ఆ ప్రాబ్లమ్‌కి రెండో భాగం కూడా ఇచ్చాను. పోలీసులు రాలేదనుకోండి. పొద్దున వెలుతురులో రాజు డబ్బా తెరిస్తే గోపాల్ పేరుతో ఆర్‌సీ కనబడింది. తనది కాదని అప్పుడు తెలిసింది. తెలిసి కూడా నోరు మెదపకుండా రెండు రోజులు ఆగి కావలిలో పాత బండ్లు కొనేవాడికి అమ్మేశాడు. ఇప్పుడు?

ఈసారి ఆ అమ్మాయి జాగ్రత్త పడింది, దురుద్దేశం గురించి పేజీ నిండా రాసింది. కానీ మళ్లీ 303 కిందే శిక్ష వేసింది. దురుద్దేశం ఉంది, బండీ తీసుకున్నాడు, రెండూ ఉన్నాయి కదా అని. ఉన్నాయి, కానీ ఒకే సమయంలో లేవు. దొంగతనంలో వస్తువును కదిలించే క్షణంలోనే ఆ ఉద్దేశం ఉండాలి. కదిలించినప్పుడు ఉద్దేశం లేదు. ఉద్దేశం పుట్టేసరికి బండి రాజు స్వాధీనంలోనే ఉంది, ఎవరి స్వాధీనం నుంచీ కొత్తగా తీసింది లేదు. అందుకని ఇది దొంగతనం కాదు, సెక్షన్ 314 కింద ఆస్తిని డిస్‌ఆనెస్ట్‌గా సొంతం చేసుకోవడం. ఆ సెక్షన్ కింద మొట్టమొదటి ఉదాహరణ సరిగ్గా ఇదే: తనదనుకుని తీసుకున్నప్పుడు దొంగతనం లేదు, తప్పు తెలిశాక కూడా వాడేసుకుంటే ఈ నేరం. శిక్ష కూడా వేరు. 314లో ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల వరకు జైలు, జరిమానా. మామూలు దొంగతనానికి మూడేళ్ల వరకు. రాత్రికి ఒక జవాబు, పొద్దునకి ఒక జవాబు విడివిడిగా రాయాలి, రెండూ కలిపి ఒకే పేరాలో రాస్తే ఎవరు దిద్దినా కన్‌ఫ్యూజ్ అయ్యాడనే అనుకుంటారు.

ఇంత చెప్పాక కొందరు ప్రతి నేరానికీ దురుద్దేశం ఉండి తీరాలని రాయడం మొదలుపెడతారు, అదీ తప్పే. ఎం.హెచ్. జార్జ్ కేసు చూడండి. 1962 నవంబర్‌లో జూరిక్ నుంచి మనీలా వెళ్తున్న ఆయన విమానం బొంబాయిలో దిగింది, ఒంటి మీద 34 కిలోల బంగారం. దేశం మీదుగా తీసుకెళ్లే బంగారాన్ని కూడా విమానం సరుకుల జాబితా అయిన మానిఫెస్ట్‌లో చూపించాలన్న రిజర్వ్ బ్యాంకు నోటిఫికేషన్ కొద్ది రోజుల కిందటే వచ్చింది, అది తనకు తెలియదన్నాడు. ఫారిన్ ఎక్స్చేంజ్ చట్టం ఉద్దేశాన్ని బట్టి అక్కడ మెన్స్ రియా, అంటే దురుద్దేశం అక్కర్లేదని సుప్రీంకోర్టు మెజారిటీ శిక్ష ఖాయం చేసింది. మన తెలుగువాడు కోకా సుబ్బారావు గారు ఒప్పుకోలేదు, విడిగా తీర్పు రాశారు. తర్వాత నాథూలాల్ కేసులో ఆయన మాటే చెల్లింది: లైసెన్సుకి దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టి, వచ్చేస్తుందన్న నమ్మకంతో ధాన్యం నిల్వ చేసిన వ్యాపారిని వదిలేశారు. అంటే సెక్షన్‌లో ఉద్దేశాన్ని చెప్పే మాట లేనప్పుడే ఈ చర్చంతా, ఆ చట్టం దాన్ని పక్కన పెట్టిందా లేదా అని. దొంగతనంలో మాట ఎదురుగా అచ్చయి ఉంది, అక్కడ జార్జ్ కేసు రాసి పేజీ నింపొద్దు.

మీ ప్రశ్న ఏ సెక్షన్ మీదో మీరు చెప్పలేదు. ఆ సెక్షన్ తెరిచి ఇంటెన్షనల్లీ, నోయింగ్లీ, డిస్‌ఆనెస్ట్‌లీ, ఫ్రాడ్యులెంట్లీ, రాష్, నెగ్లిజెంట్ వీటిలో ఏ మాట ఉందో చూడండి. తర్వాత ప్రాబ్లమ్‌లో ఆ మాటకి అటో ఇటో తగిలే సంగతులు పెన్సిల్‌తో గీయండి. మీ జవాబులో వాటిలో ఎన్ని ఉన్నాయో వెతకండి. ప్రాబ్లమ్ పూర్తిగా ఇక్కడ పెడితే నేనూ చూసి చెప్తాను, ముద్దాయి పని చేసేముందు ఏం చేశాడు, చేశాక ఏం చేశాడు అన్న రెండు లైన్లు మాత్రం వదలకుండా టైప్ చేయండి.