స్టెబిలైజర్ టకటకలాడుతోంది: రిలే మార్చాలా?

"సాయంత్రం ఏడు దాటాక మా ఏసీ స్టెబిలైజర్ ఆగకుండా టకటకమంటోంది. ఇన్‌పుట్ 203 ఉంటే అవుట్‌పుట్ ఒకసారి 203, ఒకసారి 233, ఒక్కోసారి మధ్యలో ఏదో చూపిస్తోంది. మెకానిక్ రిలే పోయింది, మార్చాలంటున్నాడు. మార్చమంటారా?"

ఇప్పుడే మార్చకండి. ఉప్పల్‌లో మా ఇంట్లో ఉన్న 4 కేవీఏ స్టెబిలైజర్‌కి రెండేళ్ల కింద మే నెలలో అచ్చం ఇలాగే అయింది. నేనూ ముందు రిలేనే మార్పించాను. బాగైందనుకున్నాను. ఆ వారంలోనే వానలు పడి, వీధిలో ఏసీలు ఆగి, వోల్టేజ్ 215 పైకి వెళ్లింది. అందుకే శబ్దం రాలేదు తప్ప జబ్బు నయమై కాదు. ఇరవై రోజులకు ఎండలు మళ్లీ ముదిరాయి, వోల్టేజ్ 205 దగ్గరికి దిగింది, టకటక మళ్లీ మొదలైంది.

మీరు రాసిన అంకెల్లోనే చాలా విషయం ఉంది. రిలే స్టెబిలైజర్ లోపల ఉండేది ఒక ఆటో ట్రాన్స్‌ఫార్మర్. దాని చుట్టలోంచి కొన్నిచోట్ల ట్యాపులు బయటికి తీసి ఉంటాయి. కాయిల్‌కి కరెంట్ వెళ్తే కాంటాక్టులు కదిలి, ఒక ట్యాప్ నుంచి ఇంకోదానికి మార్చే స్విచ్చే రిలే. ఏ ట్యాప్ మీద ఉంటే ఆ నిష్పత్తే వస్తుంది, వేరేది రాదు. మీ దాంట్లో 203ని 233 చేస్తోందంటే బూస్ట్ ట్యాప్ నిష్పత్తి సుమారు 1.15. మీరు చూసిన రెండోది నేరుగా వచ్చేది, అంటే 1. ఈ రెండూ సరిగ్గా వస్తున్నాయి కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట, ట్యాపులు బాగానే ఉన్నాయి. మధ్యలో 218 లాంటిది కనిపించడం గురించి కంగారు పడకండి. రిలే అటూ ఇటూ కొట్టుకుంటుంటే మల్టీమీటర్ ఆ రెంటి సగటు చూపిస్తుంది. టకటక లేనప్పుడు కూడా నిష్పత్తి తేడాగా వస్తేనే అది వేరే సమస్య, దాని గురించి కింద చెబుతాను.

మీ పరికరంలో అయోమయంలో ఉన్నది ఏ ట్యాప్ వాడాలో నిర్ణయించే సెన్సింగ్ సర్క్యూట్ అని నా అనుమానం. ఒక చిన్న పరీక్షతో దీన్ని తేల్చుకోవచ్చు. ఏసీ ప్లగ్ తీసేసి, స్టెబిలైజర్‌ని మాత్రమే అదే సాయంత్రం వేళ ఆన్‌లో ఉంచండి. లోడ్ లేకపోతే శబ్దం ఆగి, కంప్రెసర్ మొదలైనప్పుడే మూడు నాలుగు సెకన్లకోసారి నిదానంగా క్లిక్ వస్తోందంటే, తప్పు స్టెబిలైజర్‌ది కాదు. కంప్రెసర్ కరెంట్‌కి మీ వైరింగ్‌లోనో, సాకెట్‌లోనో, లూజుగా ఉన్న న్యూట్రల్‌లోనో వోల్టేజ్ పడిపోతోంది. ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, రిలే జోలికి పోకండి. లోడ్ లేకపోయినా వేగంగా ట్రర్రుమని కొట్టుకుంటుంటే బోర్డులోనే తప్పు ఉంది. నాది అదే.

కోఠీ గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొనడానికి వెళ్లినప్పుడు, అక్కడ వోల్టేజ్‌ని కావాల్సినంత పెంచి తగ్గించే వేరియాక్ పెట్టుకుని బాగుచేసే ఒక పెద్దాయన నా స్టెబిలైజర్‌ని విప్పి చూపించారు. వేరియాక్ తిప్పి 190 నుంచి మెల్లగా పెంచారు. 205 దాకా నిశ్శబ్దం. అక్కడ రిలే పట్టింది, వదిలింది, పట్టింది, వదిలింది. 212 దాటాక మళ్లీ నిశ్శబ్దం. మా దాంట్లో వోల్టేజ్ ఎక్కువైతేనే రిలే కాయిల్‌కి కరెంట్ వెళ్తుంది. అది పట్టగానే బూస్ట్ ట్యాప్ వదిలి, నేరుగా వచ్చే దారికి మారుతుంది. ఆ కాయిల్‌కి కరెంట్ ఇచ్చేదీ, మెయిన్స్ ఎంత ఉందో కొలిచేదీ ఒకే చిన్న సప్లై. కాయిల్ తీసుకునేది సుమారు 75 మిల్లీ ఆంపియర్లు.

ఇక్కడే కెపాసిటర్ సంగతి వస్తుంది. ఆ సప్లైలో 1000 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఉంది. రెక్టిఫయర్ నుంచి ఒక అలకీ మరో అలకీ మధ్య 10 మిల్లీ సెకన్లు పాటు బోర్డుకి కరెంట్ ఇచ్చేది అదే. నిండుగా ఉంటే 75 మిల్లీ ఆంపియర్లు ఇస్తూ ఆ సమయంలో ముప్పావు వోల్ట్ మాత్రమే తగ్గుతుంది. నా దాన్ని మీటర్ మీద పెడితే 90 మైక్రోఫారడ్ చూపించింది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఉండి, ఏళ్లపాటు వేడికి ఎండిపోయిందన్నమాట. అప్పుడు లెక్క వేస్తే తగ్గుదల 8 వోల్టులు దాటుతుంది, అదీ 14 వోల్టుల సప్లైలో! రిలే పట్టకముందు బోర్డు తీసుకునేది చాలా తక్కువ కాబట్టి అంతా సరిగ్గానే కనిపిస్తుంది. పట్టిన మరుక్షణం సప్లై కుంగుతుంది, దాంతో మెయిన్స్ పడిపోయిందని సర్క్యూట్ అనుకుని రిలేని వదిలేస్తుంది. వదలగానే సప్లై పైకి లేస్తుంది, మళ్లీ పడుతుంది. ఈ కొట్టుకోవడం ఆపడానికే పట్టే చోటుకీ వదిలే చోటుకీ మధ్య కొన్ని వోల్టుల ఎడం ఉంచుతారు. ఇంత పెద్ద కుంగుబాటుకి ఆ ఎడం చాలదు.

రిలే నిజంగానే పాడవుతుంది, కానీ చివరికి. కంప్రెసర్ కరెంట్ నడుస్తుండగా నిమిషానికి వందలసార్లు తెగి కలిస్తే ప్రతిసారీ నిప్పురవ్వ లేస్తుంది, కాంటాక్టులు గుంటలు పడి నల్లబడతాయి. నా రిలే తెరిచి చూస్తే సరిగ్గా అలాగే ఉంది. అసలు కారణం తీయకుండా కొత్త రిలే వేస్తే అదీ కొన్నాళ్లకి అలాగే కాలుతుంది.

కాంటాక్ట్ కాలిందో లేదో ఇలా తెలుసుకోవచ్చు. టకటక లేని వేళ, ఏసీ నడుస్తుండగా ఇన్‌పుట్, అవుట్‌పుట్ ఒకేసారి కొలవండి. బూస్ట్‌లో ఉండి ఇన్‌పుట్ 196 అయితే 225 దగ్గర రావాలి. లోడ్ మీద ట్రాన్స్‌ఫార్మర్‌లోనే ఒకటి రెండు వోల్టులు పోవడం మామూలే. నాకు 219 వచ్చింది. తగ్గిన 6 వోల్టుల్లో ట్రాన్స్‌ఫార్మర్ వాటా రెండు తీసేసినా, 4 వోల్టులు, 7 ఆంపియర్లు అంటే దాదాపు 28 వాట్లు కాంటాక్ట్ మొన మీద వేడిగా మారుతున్నాయి. అది సోల్డరింగ్ ఐరన్ వేడి. ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే వెంటనే ఆపేయండి. ఇంకోటి: ఇన్‌పుట్ 230 ఉన్నప్పుడు అవుట్‌పుట్ 264 వస్తే కాంటాక్ట్ బూస్ట్ వైపు అతుక్కుపోయి ఉండొచ్చు. ఏసీ బోర్డుకి అది ప్రమాదం, ఒక్క రోజు కూడా వాడొద్దు.

రిలే ఏ వోల్టేజ్ దగ్గర మారాలో సరిచేసే ప్రీసెట్ బోర్డు మీద ఉంటుంది, మెకానిక్‌ని దాన్ని తిప్పనివ్వకండి. నా దానికి మొదటి మెకానిక్ చేసింది అదే. టకటక కొన్ని వోల్టులు పక్కకి జరిగింది, అంతే. తర్వాత మంచి కెపాసిటర్ వేయగానే కొలత మారి, బూస్ట్ వదలాల్సిన చోట వదలక అవుట్‌పుట్ 250 దాటింది. వేరియాక్ మీద మళ్లీ సరిచేయాల్సి వచ్చింది.

మీరూ ఇంట్లో విప్పొద్దు. ఆటో ట్రాన్స్‌ఫార్మర్ మెయిన్స్ నుంచి మనల్ని వేరు చేయదు, బోర్డు మీద ఎక్కడ ముట్టుకున్నా షాక్ కొట్టొచ్చు. వేరియాక్ ఉన్న షాపుకే తీసుకెళ్లి, సెన్సింగ్ సప్లై కెపాసిటర్ తీసి కొలవమనండి. మార్చితే 105 డిగ్రీల వేడి తట్టుకునే రకం వేయమనండి. ఆ తర్వాత, కాంటాక్టులు నల్లబడి ఉంటేనే రిలే. చివరగా మీ ఎదుటే 170 నుంచి 270 దాకా తిప్పించి, ఏ వోల్ట్ దగ్గర క్లిక్ వచ్చిందో పైకి వెళ్లేటప్పుడూ కిందికి వచ్చేటప్పుడూ రాసుకోండి. నాది ఇప్పుడు పైకి 208 దగ్గర, కిందికి 202 దగ్గర ఒక్కొక్క క్లిక్ ఇస్తుంది. ఆ అంకెలు దాని వెనక స్టిక్కర్ మీద రాసి పెట్టాను.